మూలకు మూల: బహుభుజికి కర్ణాలు ఎన్ని?

పదో తరగతి చదివే రోజుల్లో, ఇదే తనకల్లు హాస్టల్లో ఉన్నప్పుడు, ఒక స్లిప్ టెస్టులో మాకు ఈ ప్రశ్న వచ్చింది: "12 భుజాలు గల బహుభుజికి ఎన్ని కర్ణాలు ఉంటాయి?" మేము ఏమాత్రం తడుముకోకుండా 66 అని రాసేశాము. సూత్రం గుర్తుందన్న ధైర్యం మాది. పేపర్లు తిరిగి వచ్చినప్పుడు ఆ జవాబు మీద ఎర్ర గీత ఉంది. సరైన జవాబు 54. సూత్రంలో చివర ఉండేది 1 కాదు, 3 అని చెప్పి సారు ముందుకు వెళ్ళిపోయారు. ఆ 3 ఎక్కడి నుంచి వచ్చిందో మేము అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా అప్పుడు రాలేదు.

ఆ రాత్రి స్టడీ అవర్లో ముగ్గురం కూర్చుని 12 మూలల బొమ్మ గీసి, గీతలు ఒక్కొక్కటే లెక్కపెట్టడానికి ప్రయత్నించాము. ఒకరికి 51, ఒకరికి 53, ఇంకొకరికి 57 వచ్చాయి. నడిమధ్యలో గీతలన్నీ కలిసిపోయి నోట్సు పేజీ నల్లగా అయిపోయింది. బొమ్మ చూసి లెక్కపెట్టడం నాలుగైదు మూలల వరకే కుదురుతుందని ఆరోజే తెలిసింది. గీతలను కాక జతలను లెక్కపెట్టాలని తెలియడానికి మాత్రం ఇంకా రెండేళ్ళు పట్టింది. ఇంటర్లో సంయోగాలు చదివేటప్పుడు గానీ అది అర్థం కాలేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యే సంగతికి అంతకాలం ఆగాల్సిన పని లేదు. అందుకే ఈ సంచికలో దాన్నే రాస్తున్నాము.

ముందు మాట గురించి ఒక మాట. మన తెలుగు మీడియం పుస్తకాల్లో "కర్ణం" అన్న పదం రెండు చోట్ల వస్తుంది. లంబకోణ త్రిభుజంలో లంబకోణానికి ఎదురుగా ఉండే భుజాన్నీ కర్ణమే అంటారు, బహుభుజిలో పక్కపక్కన లేని రెండు మూలలను కలిపే గీతనూ కర్ణమే అంటారు. "త్రిభుజానికి కర్ణాలు ఎన్ని?" అని అడిగితే చాలామంది తమ్ముళ్ళు "ఒకటి" అనడానికి కారణం ఇదే. ఇక్కడ మనం మాట్లాడేది రెండో రకం కర్ణం గురించి. ఇంట్లో పెద్దవాళ్ళు "ఐమూలగా" అంటారు చూడండి, అది. ఆ లెక్కన త్రిభుజానికి కర్ణాలు సున్నా. ఎందుకంటే త్రిభుజంలో ఏ రెండు మూలలు తీసుకున్నా పక్కపక్కవే.

ఇప్పుడు ఒక చేను తీసుకుందాం. దానికి అయిదు మూలలు, ఒక్కో మూలకు ఒక్కో హద్దు రాయి. రాళ్ళకు వరుసగా క, చ, ట, త, ప అని పేర్లు పెడదాం. గట్టు వెంబడి నడిస్తే క నుంచి చ, చ నుంచి ట, ట నుంచి త, త నుంచి ప, ప నుంచి మళ్ళీ క వస్తాయి.

ఈ అయిదు రాళ్ళలో ఏ రెండింటిని తీసుకున్నా వాటి మధ్య ఒకే ఒక సరళరేఖ గీయగలం. కాబట్టి గీతలు ఎన్ని అన్న ప్రశ్నా, జతలు ఎన్ని అన్న ప్రశ్నా ఒకటే. జతలను వరుస తప్పకుండా రాస్తే ఇలా వస్తాయి:

కచ, కట, కత, కప
చట, చత, చప
టత, టప
తప

మొదటి వరుసలో క మిగిలిన నాలుగింటితో జత కట్టింది. రెండో వరుసలో చ కు మూడే ఉన్నాయి, ఎందుకంటే కచ అప్పటికే రాసేశాము. అలా తగ్గుతూ పోయి మొత్తం 4 + 3 + 2 + 1 = 10 జతలు అయ్యాయి.

ఈ పదింటిలో గట్లు ఏవి? కచ, చట, టత, తప, కప. అయిదు గట్లు. వీటిని కొట్టేస్తే మిగిలేవి కట, కత, చత, చప, టప. ఇవే కర్ణాలు, అయిదు. లెక్క ఇంతే. అన్ని జతలనూ తీసుకుని అందులో భుజాలను తీసేయడం.

మూలలు ఎక్కువైతే వరుసలన్నీ రాయనక్కరలేదు. అయిదు రాళ్ళలో ఒక్కొక్కటీ మిగిలిన నాలుగింటితో జత కడుతుంది కదా, 5 × 4 = 20 అనుకోవచ్చు. కానీ ఇక్కడ జాగ్రత్త. క దగ్గర నిలబడి చూసినప్పుడు చ ను లెక్కపెట్టాము, చ దగ్గర నిలబడినప్పుడు క ను మళ్ళీ లెక్కపెట్టాము. కచ అన్నా చక అన్నా గట్టు ఒకటే. ప్రతి జతా సరిగ్గా రెండుసార్లు వచ్చింది కాబట్టి సగం చేస్తే 10. మూలల సంఖ్య n అయితే జతలు n(n – 1)/2, భుజాలు n. కర్ణాలు:

n(n – 1)/2 – n

12 మూలలకు జతలు 12 × 11 ÷ 2 = 66. మేము టెస్టులో రాసింది ఇదే. మా జవాబు తప్పు లెక్క కాదు, వేరే ప్రశ్నకు సరైన జవాబు. హాస్టల్ వరండాలో పన్నెండు మందిమి గుండ్రంగా కూర్చుని ప్రతి ఒక్కరమూ ప్రతి ఒక్కరితోనూ ఒకసారి చెయ్యి కలిపితే 66 సార్లు చేతులు కలుస్తాయి. పక్కవాళ్ళతో చెయ్యి కలపవద్దు అంటే అందులో 12 పోయి 54 మిగులుతాయి. మేము మరిచిపోయింది ఆ పన్నెండు పక్క జతలనే.

జతలను ఇలా లెక్కపెట్టడం కొత్త విద్య కాదు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో ఉన్న మహావీరాచార్యుడు "గణిత సార సంగ్రహం" అనే సంస్కృత గ్రంథంలో, కొన్ని వస్తువుల నుంచి కావలసినన్ని ఎంచుకునే మార్గాలు ఎన్నో చెప్పే నియమం ఇచ్చాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరాచార్యుడు ఉదాహరణగా తీసుకున్నది చేను కాదు, ఆరు రుచులు. ఉగాది పచ్చడిలో మనం కలిపే ఆరే అనుకోండి. అందులో రెండేసి రుచులు కలిపితే 6 × 5 ÷ 2 = 15 రకాలు. ఆరు రుచులను ఒక పళ్ళెం చుట్టూ ఆరు మూలల్లో పెడితే ఆ పదిహేనులో ఆరు జతలు పక్కపక్కవి, తొమ్మిది ఐమూలవి. షడ్భుజికి కర్ణాలు తొమ్మిది.

ఇక ఆ 3 సంగతి. ఇందాకటి లెక్కనే ఇంకో వైపు నుంచి చూడవచ్చు. క రాయి దగ్గర నిలబడండి. అక్కడి నుంచి కర్ణం ఏయే రాళ్ళకు పోతుంది? చ కు పోదు, అది గట్టు. ప కు పోదు, అదీ గట్టే. మరి క నుంచి క కే గీత గీయలేము. అంటే మూడు రాళ్ళు పోయాయి: ఇరుగు, పొరుగు, తాను. సూత్రంలోని 3 ఇదే. ఒక్కో మూల నుంచి n – 3 కర్ణాలు బయలుదేరతాయి. మూలలు n కాబట్టి n(n – 3). ప్రతి కర్ణాన్నీ రెండు కొసల నుంచీ లెక్కపెట్టాము కాబట్టి సగం:

n(n – 3)/2

పన్నెండుకు 12 × 9 ÷ 2 = 54. రెండు దారులూ ఒకే చోటికి వచ్చాయి. పిల్లలు ఎక్కువగా చేసే తప్పు ఇరుగును, పొరుగును తీసేసి తనను మరిచిపోవడం. అప్పుడు n – 2 అని రాస్తారు. ఈ తప్పు పట్టుకోవడానికి త్రిభుజం చాలు: n = 3 పెట్టి చూస్తే సున్నా రావాలి. n – 2 రాసినవాళ్ళకు ఒకటిన్నర కర్ణాలు వస్తాయి! సగం చేయడం మరిచిపోయిన వాళ్ళకు నాలుగు మూలలు పరీక్ష. చతుర్భుజికి రెండే కర్ణాలని అందరికీ కంటితోనే తెలుసు, వాళ్ళ లెక్కలో నాలుగు వస్తాయి. ఇంకో చిన్న సంగతి. n, n – 3 లలో ఒకటి ఎప్పుడూ సరిసంఖ్యే, కాబట్టి సగం చేసినప్పుడు భిన్నం ఎప్పటికీ రాదు. వచ్చిందంటే గుణకారంలోనో తీసివేతలోనో పొరపాటు ఉన్నట్టే.

మూడు మూలలతో మొదలుపెట్టి కర్ణాలను వరుసగా రాస్తే 0, 2, 5, 9, 14, 20, 27, 35. తేడాలు చూడండి: 2, 3, 4, 5, 6, 7, 8. దీనికీ కారణం చేనులోనే ఉంది. మన అయిదు మూలల చేనులో ప కు క కు మధ్య గట్టును బయటికి జరిపి, అక్కడ య అనే కొత్త రాయి పాతామనుకోండి. య నుంచి దాని ఇరుగు పొరుగులు కాని చ, ట, త లకు మూడు కొత్త కర్ణాలు వచ్చాయి. వీటితో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. ఇప్పటిదాకా గట్టుగా ఉన్న పక ఇప్పుడు చేను లోపలికి వచ్చి కర్ణం అయిపోయింది. మొత్తం నాలుగు పెరిగి 5 కాస్తా 9 అయింది. ఈ నాలుగోదాన్ని మరిచిపోయి మేము చాలాసార్లు 8 అని చెప్పాము.

ఇదంతా సరే, చేనుకు కర్ణాలు ఎవరికి కావాలి అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. గట్లు కొలిస్తే చాలదా?

చాలదు. నాలుగు సమానమైన కట్టెలు తీసుకుని కొసలకు ఒక్కో మేకు కొట్టి చట్రం చేయండి. దాన్ని చేత్తో నొక్కితే పక్కకు వాలిపోతుంది. కట్టెల పొడవు మారలేదు, ఆకారం మారింది. వడ్రంగి ద్వారబంధం బిగించే ముందు మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టి చూసేది ఇందుకే. ఎదురెదురు భుజాలు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ సమానమైతేనే అది దీర్ఘచతురస్రం.

చేను విషయంలో ఈ వాలు ఎంత నష్టం తెస్తుందో చూద్దాం. పాత సర్వేలో వాడిన గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులు ఒక ఎకరా, అంటే ఒక చదరపు గొలుసు పది సెంట్లు. నాలుగు గట్లూ అయిదేసి గొలుసులు ఉన్న చేను చతురస్రమైతే వైశాల్యం 25 చదరపు గొలుసులు, రెండెకరాల యాభై సెంట్లు. అవే గట్లతో కొంచెం వాలిన చేను, ఒక ఐమూల 6 గొలుసులు, రెండోది 8 గొలుసులు ఉందనుకోండి. దాని వైశాల్యం 6 × 8 ÷ 2 = 24, అంటే రెండెకరాల నలభై సెంట్లు. గట్లు తాడుతో కొలిచి పొడవును వెడల్పుతో హెచ్చవేసి కొన్నవాడు లేని పది సెంట్లకు డబ్బు కట్టినట్టు. అన్నదమ్ముల పంపకాల్లో మా ఇంట్లోనూ ఒక తరం కిందట తాడుతో గట్లే కొలిచారు. ఐమూల ఎవరూ పట్టలేదు. ఆ పంపకం మీద మాటలు ఇప్పటికీ అప్పుడప్పుడు లేస్తుంటాయి.

అందుకే పాత మద్రాసు రాష్ట్రపు సర్వే పద్ధతిలో, అంటే మన రాయలసీమ ఎఫ్.ఎం.బి. పటాల్లో, చేను లోపల మూలకు మూల గీతలు కనిపిస్తాయి. ఆ పద్ధతిలో సర్వేయరు కర్ణం వెంబడి గొలుసు పరిచి, దాని మీద నుంచి మిగిలిన రాళ్ళకు లంబంగా దూరాలు కొలుస్తాడు. ఆ లంబదూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు.

మన అయిదు మూలల చేనుకు కర్ణాలు అయిదు ఉన్నాయి. అయిదూ కొలవాలా? అక్కరలేదు. ఒకదాన్నొకటి దాటని రెండు కర్ణాలు చాలు, చేను మూడు త్రిభుజాలు అయిపోతుంది. n మూలలైతే n – 3 కర్ణాలు, n – 2 త్రిభుజాలు. మనం కత, కట తీసుకుందాం. కత మీద గొలుసు పరిస్తే 8 గొలుసులు వచ్చింది. క నుంచి 3 గొలుసుల దగ్గర నిలబడితే ఒక వైపు లంబంగా 4 గొలుసుల దూరంలో ట రాయి, రెండో వైపు లంబంగా 3 గొలుసుల దూరంలో ప రాయి కనిపించాయి. తర్వాత కట కొలిస్తే 5 గొలుసులు. దాని నడిమధ్య, అంటే 2 గొలుసుల 50 లింకుల దగ్గర నుంచి, బయటి వైపు 2 గొలుసుల దూరంలో చ రాయి.

వైశాల్యాలు: క, ట, త త్రిభుజం 8 × 4 ÷ 2 = 16. క, త, ప త్రిభుజం 8 × 3 ÷ 2 = 12. క, చ, ట త్రిభుజం 5 × 2 ÷ 2 = 5. మొత్తం 33 చదరపు గొలుసులు, మూడెకరాల ముప్పై సెంట్లు. గమనించారా, ఒక్క గట్టు కూడా కొలవలేదు.

ఇప్పుడు పుస్తకంలో పొరపాటు పడిందనుకుందాం. ట ఆఫ్‌సెట్ 4 బదులు 3 అని రాశారు. వైశాల్యం 16 బదులు 12 అవుతుంది, నలభై సెంట్లు మాయం. కానీ ఇది దొరికిపోతుంది. 3, 3 లంబ భుజాలైతే కట సుమారు 4 గొలుసుల 24 లింకులే రావాలి, గొలుసు మాత్రం 5 చూపించింది. రెండూ పొసగవు.

అదే పొరపాటు ప దగ్గర జరిగి 3 బదులు 2 అని పడితే? 12 బదులు 8, మళ్ళీ నలభై సెంట్లే పోయాయి. ఈసారి కట దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే ఆ జతలో ప లేదు. మిగిలిన మూడు కర్ణాలు చత, చప, టప. చత కొలిచి చూద్దామా? లెక్క ప్రకారం అది సుమారు 8 గొలుసుల 71 లింకులు ఉండాలి, ఉంటుంది కూడా. ప రాయి తప్పు అందులోనూ కనిపించదు. చప గానీ టప గానీ కొలవాలి. టప కు పుస్తకం ప్రకారం 4 + 2 = 6 రావాలి, నేల మీద గొలుసు 7 చూపిస్తుంది. దొంగ దొరికాడు. ఏ రాయి మీద అనుమానం ఉందో ఆ రాయి ఉన్న జతనే కొలవాలి. మొదట రాసిన పది జతల పట్టిక ఇక్కడ పనికొచ్చింది. కర్ణాలు ఎన్ని అన్నదానికంటే ఏవేవి అన్నది తెలియడం ముఖ్యమైన చోటు ఇది.

2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వేలో గొలుసుల బదులు డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు వచ్చాయి. రోవర్ ప్రతి రాయి స్థానాన్ని విడిగా చెబుతుంది, కాబట్టి ఏ జత మధ్య దూరమైనా కంప్యూటరే లెక్క కడుతుంది. అయినా జతల సంఖ్య మారదు. అయిదు రాళ్ళకు పదే.

చేనులో లెక్కపెట్టేటప్పుడు రెండు చోట్ల తికమక పడతాము. మొదటిది, తిన్నగా పోయే గట్టు మధ్యలో ఉండే రాయి. పక్క చేల హద్దు వచ్చి మన గట్టును తాకే చోట ఒక రాయి పాతుతారు. మన చేనుకు నాలుగు మూలలే ఉండి, ఒక గట్టు మధ్యలో అలాంటి రాయి ఉంటే రాళ్ళు అయిదు. సూత్రంలో 5 వేస్తే కర్ణాలు 5, కానీ అందులో ఒక "కర్ణం" ఆ రాయికి అటూ ఇటూ ఉన్న రాళ్ళను కలుపుతూ గట్టు మీదే పడుకుని ఉంటుంది. ఆ రాయి దగ్గర గట్టు తిరగలేదు కాబట్టి అది హద్దు రాయే గానీ మూల కాదు. n అంటే రాళ్ళ సంఖ్య కాదు, గట్టు మలుపు తిరిగిన చోట్ల సంఖ్య. అక్కడ 4 వేయాలి, కర్ణాలు 2.

రెండోది, లోపలికి నొక్కుకుపోయిన మూల. వంక కోసుకుపోయిన చేలు, బండ ఉన్న చోట వదిలేసి చుట్టూ గట్టు వేసిన చేలు మన మెట్టలో కొత్త కాదు. అలాంటి చేనులో ఒక కర్ణం చేను బయటి నుంచి, పక్కవాళ్ళ నేల మీదుగా పోవచ్చు. దాన్ని లెక్కలో వేయాలా? వేయాలి. కర్ణం అంటే పక్కపక్కన లేని రెండు మూలలను కలిపే గీత, అది లోపల పోవాలని నిర్వచనంలో లేదు. జతలకు లోపల, బయట తెలియదు. నాలుగు మూలల్లో ఒకటి లోపలికి నొక్కుకున్నా కర్ణాలు రెండే, ఒకటి లోపల, ఒకటి బయట. కానీ చేనును త్రిభుజాలు చేయడానికి మాత్రం బయటి కర్ణం పనికిరాదు. దాని మీద త్రిభుజం కడితే పొరుగువారి నేల కూడా మన లెక్కలోకి వచ్చేస్తుంది. అక్కడ లోపలి కర్ణాన్నే ఎంచుకోవాలి.

పరీక్షల్లో ప్రశ్నను తిరగేసి కూడా ఇస్తారు: "ఒక బహుభుజికి 44 కర్ణాలు ఉన్నాయి, భుజాలు ఎన్ని?" వర్గ సమీకరణం సాధించవచ్చు గానీ, ఇంకా సులువైన దారి ఉంది. n(n – 3) = 88. మూడు తేడాతో ఉండి గుణిస్తే 88 వచ్చే రెండు సంఖ్యలు కావాలి. 11, 8. కాబట్టి భుజాలు 11. ఇదే దారిలో 50 కర్ణాలు అని ఇస్తే n(n – 3) = 100 కావాలి. 11 × 8 = 88, 12 × 9 = 108. మధ్యలో ఏమీ లేదు. అంటే 50 కర్ణాలున్న బహుభుజే లేదు. అలాంటప్పుడు "లేదు" అని రాయడమే జవాబు, ఎంత వెతికినా ఇంకేమీ దొరకదు.

స్టడీ అవర్‌కు ఒకటి వదిలిపెడుతున్నాము. ఒక చేనుకు ఎన్ని గట్లున్నాయో అన్నే కర్ణాలున్నాయి. ఆ చేనుకు మూలలు ఎన్ని? ఇంకో చేనుకు కర్ణాలు గట్లకు సరిగ్గా రెండింతలు. దానికి ఎన్ని? మొదటిది పైన ఎక్కడో కనిపించే ఉంటుంది. రెండోదానికి ఒక రాయి దగ్గర నిలబడి, అక్కడి నుంచి ఎన్ని కర్ణాలు బయలుదేరాలో ఆలోచిస్తే కాగితం కూడా అక్కరలేదు.